తెరమీద తగలని కత్తులు

కంటకవనం వెనకబడింది. ఎదురుగా నల్లసాన కోట నిలబడి ఉంది.

కొండమీద కట్టిన కోట కాదది. కొండనే తొలిచి చేసిన కోట. మదపుటేనుగుల తలల్లా వరుసగా ముందుకు పొడుచుకొచ్చిన బండలు, వాటి నడుమ నెమలికంఠం రంగులో మెరిసే రాతి చారలు, నెర్రెల్లోకి వేళ్ళు దించి పాకిన తెల్లపూల తీగలు. పూలన్నీ విచ్చే ఉన్నాయి కాని ఒక్క తుమ్మెద కూడా వాటి మీద వాలలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ బండల మీద కరిగిన వెండిలా పారుతోంది. అంత వెలుగులోనూ కోట వాకిలి మాత్రం నల్లగా, మూతలేని నూతిలా ఉంది.

సుమంతపురి యువరాజు శరభుడు భుజాన ఉన్న మద్దెలను దించి, అలసట కొద్దీ దాని మీదే కూలబడ్డాడు.

"లే! మద్దెల మీద కూర్చునే మద్దెలగాణ్ణి ఎక్కడైనా చూశావా? కావలివాళ్ళు చూస్తే నీ రాచరికం ఇక్కడే బయటపడుతుంది" అంది పేరిందేవమ్మ.

శరభుడు నాలిక కరుచుకుని లేచాడు. మద్దెల పొట్టలో అతని కత్తి ఉంది. నడుస్తున్నంతసేపూ అది లోపల కదులుతూ, వాయించకుండానే చప్పుడు చేస్తూ వచ్చింది.

పేరిందేవమ్మ నెత్తిమీది బొమ్మల బుట్టను దించుకుని బండ నీడలో కాళ్ళు చాపింది. ఆమె తోలుబొమ్మలాడించే మనిషి. కిందటి వానకారులో ఆమె, ఆమె భర్త సిద్దప్ప ఇదే దారిన వచ్చారు. అప్పుడు మద్దెలగాడి వేషంలో వచ్చినవాడు శరభుడి తమ్ముడు మయూరుడు. తిరిగి వెళ్ళింది పేరిందేవమ్మ ఒక్కతే.

ఈ కోటలో మాంత్రికుడు కరాళజంఘుడు నిద్రపోతుంటాడు. నిద్రలో ఉన్నవాడికి ఏ ఆయుధమూ తగలదు. లేచినవాణ్ణి గెలిచిన మనిషి ఇంతవరకూ లేడు. కోటలోకి ఆటగాళ్ళకు తప్ప మరొకరికి ప్రవేశం లేదు. ఆట ఆడాలి, ఆ ఆటలో ఒక వీరుడూ ఒక రాక్షసుడూ ఉండాలి. తెరమీద ఆ రెండు బొమ్మల కత్తులు తగిలిన క్షణాన లోపల మాంత్రికుడు మేలుకుంటాడు. కత్తులు తగలకుండానే ఆట ముగిసి, చూసిన కావలివాళ్ళకు తృప్తి కలిగితే, వాళ్ళ దళనాయకుడు తన చేత్తో దీపం ఆర్పి "చాలు" అంటాడు. అప్పుడు ఆటగాళ్ళు అడిగిన వరం ఇవ్వాలి. ఆట ముగిశాక కూడా చూసినవాళ్ళకు తృప్తి లేకపోతే "కొట్టండి" అని అరుస్తారు. అప్పుడు కొట్టక తప్పదు.

ఇంతవరకూ ఏ ఆటకూ ఎవరూ "చాలు" అనలేదు.

"అరిచేవాళ్ళకు తెలుసుగదా, వాడు లేస్తే ఏమవుతుందో! మరెందుకు అరుస్తారు?" అన్నాడు శరభుడు.

"ఎవడో ఒకడు వాణ్ణి గెలుస్తాడని. గెలిస్తే వీళ్ళకు విడుదల అట. ప్రతిసారీ ఆశ. మా ఆయన యుద్ధఘట్టం ఆడిస్తే రాళ్ళు కూడా లేచి నిలబడేవి. కాళ్ళతో చెక్కపలక తొక్కాడంటే గుర్రాలు పరిగెత్తినట్టుండేది." ఆమె బుట్ట మూత సర్దింది. "ఆ రోజూ బాగానే తొక్కాడు."

సిద్దప్ప కోట మండపంలోనే మాంత్రికుడి చేతిలో చనిపోయాడు. మయూరుణ్ణి నేలమాళిగలో పడేశారు. బతికే ఉన్నాడని ఒక గూఢచారి చెప్పాడు. ఎంతకాలం బతుకుతాడో మాత్రం చెప్పలేదు. అందుకే ఈ ప్రయాణం.

శరభుడు అడవి దారంతా చేసిన పనే మళ్ళీ మొదలుపెట్టాడు. "సరే, ఇది విను. వీరుడు తలుపు తీసేసరికి రాక్షసుణ్ణి పాము కరిచి ఉంటుంది. పోరు లేదు. పీడా పోయింది."

"ఆ పామును అక్కడ పెట్టిందెవరు?"

"ఎవరో ఏమిటి? పామే వచ్చింది."

"నువ్వే పెట్టావు. చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. అంతసేపు భయపడి కూర్చున్నవాళ్ళకు పాము చేత ముగింపు ఇప్పిస్తే మొహాన నీళ్ళు కొట్టినట్టుంటుంది. చెప్పులు విసురుతారు."

"రాక్షసుడు మంచివాడైపోతే?"

"ఎప్పుడు? అంతదాకా మనుషుల్ని నమిలినవాడు మనం అలిసిపోయామని మంచివాడవుతాడా?"

"అయితే అదంతా కల..."

"ఆ మాట మళ్ళీ అంటే నిన్నిక్కడే వదిలేసి పోతాను."

శరభుడికి నవ్వొచ్చింది. చాలా రోజుల తరవాత నవ్వడం వల్ల ఎండిన పెదవి చిట్లింది.

"పోరు తీసెయ్యడం కష్టం కాదు బాబూ" అంది పేరిందేవమ్మ, కాళ్ళలో దిగిన ముళ్ళను ఏరుకుంటూ. "తీసేసిన చోట ఏం పెడతావన్నదే కష్టం. వాళ్ళు పోరు కోసం అరుస్తారు. కాని పోరు వల్ల ఏదో దక్కాలని కూర్చుంటారు. ఆ దక్కాల్సింది ఇంకో దారిన వాళ్ళ చేతికి ఇవ్వాలి. ఆ దారి మొదటినుంచీ వాళ్ళ కళ్ళెదుటే ఉండాలి, ఇదే దారి అని తెలియకుండా. భయం మాత్రం తగ్గించకూడదు. భయం తగ్గిస్తే, ఆ తరవాత పోరు తప్పినా ఎవడికి పట్టింది?"

"వాళ్ళకు దక్కాల్సిందేమిటి? విడుదలేగా?"

"విడుదలంటే ఏమిటో తెలియదే నాకు! వాళ్ళను ఏది కట్టేసిందో తెలిస్తేగా, ఏది విప్పాలో తెలిసేది."

బుట్ట ఎత్తుకుని ఆమె లేచింది. ముగింపు లేని ఆటతో ఇద్దరూ చీకటి వాకిట్లోకి నడిచారు.

*

పగలు ఎరుగని మండపం అది. గోడలకు గుచ్చిన దివిటీల వెలుతురులో రాతి స్తంభాలు చెమటోడ్చినట్టు మెరుస్తున్నాయి. పైకప్పున చెక్కిన సింహాల నోళ్ళనుంచి నీటి బొట్లు రాలుతున్నాయి. మండపం చివర ఒక నల్లరాతి తలుపు. ఆ తలుపు వెనకనుంచి ఊపిరి వినిపిస్తోంది. కొలిమితిత్తి ఎవరో తీరిగ్గా తొక్కుతున్నట్టు, లోపలికి ఒకటి, బయటికి ఒకటి.

తలుపుకు ఆనుకుని దళనాయకుడు గుండమనేడు నిలబడి ఉన్నాడు. గడ్డం బొడ్డు దాకా పెరిగింది. కుడిచేతిలో ఈటె. అతని దళమంతా మండపం నిండా గోడలకు జారబడి కూర్చుంది. అందరివీ అవే కళ్ళు: నిద్ర చాలని కళ్ళు.

"ఎవరు మీరు?"

"బొమ్మలాటోళ్ళం దొరా!"

"నిన్నెక్కడో చూశానమ్మా."

"చూసే ఉంటారు. పోయినసారి మా ఆయనతో వచ్చాను."

గుండమనేడు తల పక్కకు తిప్పుకున్నాడు. "మళ్ళీ ఎందుకొచ్చావు తల్లీ!" అన్నాడు మెల్లిగా. తరవాత గొంతు పెంచి, "తెర కట్టుకోండి. మా తిండి కాగానే ఆట" అన్నాడు.

రెండు స్తంభాల మధ్య తెల్లపంచె బిగించారు. వెనక ఆముదం దీపం వెలిగించారు. పేరిందేవమ్మ నేల మీద తొక్కుడు పలక పరిచింది. పోరు వచ్చినప్పుడు ఆటగాళ్ళు కాళ్ళతో దాని మీద తొక్కితే కత్తుల చప్పుడు, గుర్రాల చప్పుడు పుడతాయి. సిద్దప్ప పాదాల అరుగుడు ఆ పలక మీద రెండు గుంటలుగా ఉంది. ఆమె దాన్ని చూసి, చూడనట్టే బుట్ట విప్పింది.

శరభుడు తాళ్ళు కడుతూ పంచె అంచు పక్కనుంచి బయటికి చూశాడు. దళంలో ఒకడు నాయకుడికి ఆకులో అన్నం పట్టుకొచ్చి ముందు నిలబడ్డాడు. గుండమనేడు నిలబడే ఎడమచేత్తో కలుపుకుని తింటున్నాడు. సగం మెతుకులు గడ్డంలో పడుతున్నాయి. కుడిచెయ్యి మాత్రం ఈటె వదల్లేదు.

శరభుడు బయటికి వచ్చాడు. "ఎడంచేత్తో తింటారేం నాయకా? ఆ ఈటె కాసేపు గోడకు ఆనించొచ్చుగా."

"దీని మొన గాని కింది కొస గాని నా చేతిలోంచి జారి రాతిని తాకిందంటే ఆ తలుపు తెరుచుకుంటుందిరా. వాడు లేస్తాడు."

"మీవాళ్ళకు ఇవ్వండి."

"వీళ్ళంతా నా కింద నిలబడ్డవాళ్ళు. కావలి ఎక్కినవాడు తన కిందివాడికి ఈటె అప్పగించకూడదు. బయటినుంచి రావాలి దింపేవాడు, తనంతట తాను వచ్చి అడగాలి. మా పద్ధతి అది. వాడు మా పద్ధతితోనే మమ్మల్ని కట్టేశాడు." గుండమనేడు ముద్ద మింగాడు. "కావలి మార్పు పంపుతానన్నాడు. పంపలేదు."

"వచ్చేవాళ్ళు ఎవరూ అడగలేదా?"

"వచ్చేవాళ్ళందరికీ కత్తే గుర్తుంటుంది. ఈటె ఎవరడుగుతాడు? పో, నీ మద్దెల చూసుకో."

శరభుడు తెర వెనక్కి వచ్చేసరికి అతని మొహం మారిపోయి ఉంది. సుమంతపురిలో యువరాజులు కూడా కోటగోడ మీద కావలి నిలబడాల్సిందే. చలిలో కాళ్ళు బిగుసుకుపోయి, దింపేవాడి అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించిన రోజులు అతనికి గుర్తున్నాయి. వచ్చినవాడు చెయ్యి చాపి అనే మాట ఒకటే.

"అమ్మా, వీళ్ళు విజయం కోసం చూడటం లేదు" అన్నాడు గుసగుసగా. "దింపేవాడి కోసం చూస్తున్నారు."

అతను చెప్పిందంతా విని పేరిందేవమ్మ బొమ్మలు సర్దడం ఆపింది. "ఆ మాటేమిటి? దింపేవాడు అనేది?"

"'బరువు ఇలా ఇవ్వన్నా.' దిగేవాడు 'ఇచ్చాను' అంటాడు. అంతే."

ఆమె బుట్టలో చెయ్యి పెట్టి ఒక బొమ్మను తీసింది. కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగిన యోధుడి బొమ్మ. పోయినసారి పోరులో విరిగింది. ఆ చేతికి ఒక వెదురు పుల్ల గట్టిగా కట్టింది. యోధుడు కావలివాడయ్యాడు.

"ముందు నవ్విస్తాను" అంది. "ఆ మాట నవ్వులో దాచి పెడతాను. నువ్వు మాత్రం నేను చెప్పేదాకా పలక మీద కాలు పెట్టకు."

*

ఆట మొదలైంది.

తెరమీదికి ముందుగా వచ్చింది బుడ్డక్క, పొట్టి కాళ్ళ హాస్యపు బొమ్మ. డాబా మీద వడియాలకు కావలి కూర్చుంది. కాకి వాలుతుంది, బుడ్డక్క కర్ర విసురుతుంది, వడియాలే విరుగుతాయి. దళంలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంతలో పక్కింటి ముసలమ్మ వచ్చింది.

"ఏమే, పొద్దున్నుంచీ ఎండలోనే ఉన్నావా? బరువు ఇలా ఇవ్వక్కా, నువ్వెళ్ళి గంజి తాగిరా."

"ఇచ్చాను. కాకులతో మాత్రం మాట్లాడకు. కబుర్లలో పెట్టి వడియం పట్టుకుపోతాయి!"

మండపం ఘొల్లుమంది. ఆ మాటకు నవ్వనివాడు గుండమనేడు ఒక్కడే. అతని తల కొద్దిగా ముందుకు వంగింది.

తరవాత అసలు కథ. చెల్లెలిని రాక్షసుడు ఎత్తుకుపోతే వెతుక్కుంటూ బయలుదేరిన వీరుడు. పేరిందేవమ్మ భయాన్ని ఎక్కడా తగ్గించలేదు. దారిలో ఎముకల గుట్టలు. ఒక ముసలివాడు వీరుడికి దారి చూపిస్తూ, తన చెయ్యి ఏమైందో చెప్పకుండా తప్పించుకుంటాడు. రాక్షసుణ్ణి ఆమె ఇంకా చూపలేదు. అతని గురించి చెప్పేవాళ్ళ గొంతులు మాత్రం ఒకటొకటిగా తగ్గుతూ వచ్చాయి. వీరుడు ఊరి పొలిమేర దాటుతుంటే అక్కడ ఇద్దరు తలారులు ఉన్నారు. ఒకడు కావలి దిగి ఇంకొకడికి కర్ర ఇస్తాడు, "బరువు ఇలా ఇవ్వన్నా" అని మాట. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది కథలో రోజూ జరిగే పనిలా సాగిపోయింది.

చివరికి రాక్షసుడి గుహ.

పేరిందేవమ్మ రాక్షసుడి బొమ్మను పైకెత్తింది. తెరకు ఆనించలేదు. ఆనిస్తే బొమ్మ కొలతకు తగ్గ నీడ, స్పష్టమైన అంచులు, కోరలు, రంగులు కనిపిస్తాయి. దీపానికి దగ్గరగా పట్టుకుంటే నీడ పెరుగుతుంది, అంచులు చెదిరిపోతాయి. ఆమె దాన్ని దీపం పక్కనే పట్టింది. తెరంతా ఒక పెద్ద మసక తల లేచింది. కళ్ళు ఎక్కడో తెలియదు. నోరు ఉందో లేదో తెలియదు. వీరుడి బొమ్మ మాత్రం గుడ్డకు అంటుకుని చిన్నగా, పదునుగా, రంగురంగులుగా నిలబడి ఉంది. రెండూ ఒకే తెరమీద ఉన్నాయి. ఒకదాన్నొకటి తాకే చోట లేవు.

"కొట్టు!" అని ఒకడు అరిచాడు.

"కొట్టండి! కొట్టండి!" దళమంతా లేచింది. కాళ్ళు నేలను దబదబా బాదాయి.

రాతి తలుపు వెనక ఊపిరి ఆగింది.

తలుపు ఒక వేలి మందాన కదిలింది. ఆ సందులోంచి గంధకపు వాసనతో పొగ పాములా జారి వచ్చి, స్తంభాల చుట్టూ తిరిగి, దివిటీలను ఒక్కొక్కటిగా నీలంగా మార్చింది. గుండమనేడు భుజం పెట్టి తలుపును ఆపుతున్నాడు. శరభుడి వేళ్ళు మద్దెల తోలు అంచుకు జారాయి. లోపల కత్తి ఉంది. తోలు చీలిస్తే చాలు. తమ్ముణ్ణి మాళిగలో పడేసినవాడు ఆ సందుకు అవతలే ఉన్నాడు. అతని కుడికాలు తనకు తెలియకుండానే తొక్కుడు పలక మీదికి పోయింది.

పేరిందేవమ్మ తన పాదాన్ని అతని పాదం మీద పెట్టి నొక్కింది. ఆమె రెండు చేతుల్లో రెండు బొమ్మలు, చంకలో మూడో బొమ్మ వెదురు దబ్బ. తల అడ్డంగా ఊపింది.

పలక మోగాల్సిన చోట ఏమీ మోగలేదు. మద్దెల లేదు. పాట లేదు. బయట అరుపులు ఒక్క క్షణం సాగి, తమ చప్పుడు తమకే వినిపించి, తగ్గాయి.

ఆ నిశ్శబ్దంలో తెర అంచునుంచి విరిగిన చేతి బొమ్మ మెల్లిగా లోపలికి వచ్చింది. ఈటె పట్టుకున్న కావలివాడు. వీరుడికీ ఆ పెద్ద నీడకూ నడుమ నిలబడ్డాడు.

వీరుడు కత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది.

"అన్నా, ఎప్పుడు తిన్నావు?" అన్నాడు వీరుడు.

మండపంలో లేచి నిలబడ్డవాళ్ళు ఒకరొకరే కూర్చున్నారు.

"గుర్తులేదు" అన్నాడు కావలివాడు. పేరిందేవమ్మ ఆ గొంతును పెంచలేదు, ఏడిపించలేదు. అలిసిన మనిషి గొంతు, అంతే.

"నా చెల్లెలు ఎక్కడుంది?"

"ఈ తలుపు పక్క మాళిగలో. తాళంచెవి నా మొలలోనే ఉంది. నేను ఇక్కణ్ణుంచి కదిలితేగా."

వీరుడు కత్తిని మొలలో పెట్టుకున్నాడు. ఖాళీ చెయ్యి చాపాడు.

"బరువు ఇలా ఇవ్వన్నా."

దీపం చిటపటమంది.

"ఇచ్చాను" అన్నాడు కావలివాడు.

వెదురు పుల్ల ఒక చేతినుంచి ఇంకో చేతికి మారింది. కావలివాడు తెర అంచుకు వెళ్ళి ఆడపిల్ల బొమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ పిల్ల అన్నను ఒకసారి చూసింది. వెళ్ళమన్నట్టు అతను తల ఊపాడు. ఇద్దరూ పోయారు. తెరమీద వీరుడొక్కడే మిగిలాడు, ఈటె పట్టుకుని, రాక్షసుడి వైపు వీపు పెట్టి.

పేరిందేవమ్మ రాక్షసుడి బొమ్మను దీపానికి ఇంకా దగ్గరగా జరిపింది. నీడ తెరనంతా కప్పేసింది. అంచులన్నీ కరిగాయి. అప్పుడది రాక్షసుడిలా లేదు; ఉత్త చీకటిలా ఉంది. ఆమె దాన్ని నిదానంగా పక్కకు తప్పించింది. చీకటి పలచబడి, తెర మళ్ళీ తెల్లగా అయింది. రాక్షసుడు లేవలేదు. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో వాడికి తెలియనే లేదు.

ఆట అయిపోయింది.

ఎవరూ కదల్లేదు. శరభుడు తెర పక్కనుంచి దళం వైపు చూశాడు. ఇప్పుడు అరిస్తే?

గోడవారనుంచి ఒక ముసలి భటుడి గొంతు లేచింది. "అయితే మరి వాణ్ణెవరు దింపుతారు? ఆ నిలబడ్డవాణ్ణి?"

పేరిందేవమ్మ తెర పైనుంచి తల పెట్టి చూసింది. "నువ్వెళ్తావా?"

ముసలివాడు ఆలోచించాడు. "వెళ్తా. ముందు కాస్త తిని వెళ్తా."

"తిని, పడుకుని, వచ్చే ఏడు వెళ్తాడు వీడు!" అన్నాడు పక్కవాడు. మండపమంతా నవ్వింది. నవ్వుతూనే కొందరు మొహాలు తుడుచుకున్నారు.

గుండమనేడు తలుపు దగ్గరనుంచే చెయ్యి చాపాడు. దీపాన్ని శరభుడు ఎత్తి అతని దగ్గరికి తీసుకెళ్ళాడు. నాయకుడు ఎడమచేతి వేళ్ళతో వత్తిని నలిపాడు.

"చాలు" అన్నాడు.

తలుపు వెనక ఊపిరి మళ్ళీ మొదలైంది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. రాతి తలుపు వచ్చిన దారినే వెనక్కి జరిగి మూసుకుంది.

*

వరంగా మయూరుణ్ణి అడిగారు. ఇద్దరు భటులు అతన్ని మాళిగలోంచి మోసుకొచ్చారు. మనిషి బతికే ఉన్నాడు. బరువు మాత్రం పసిపిల్లాడంత. అన్నను గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది.

"గెలిచావా అన్నయ్యా?"

"లేదురా. వాణ్ణి చూడనైనా లేదు."

"మరెలా..."

"తరవాత చెప్తా. మెడ పట్టుకో."

శరభుడు తమ్ముణ్ణి వీపున కట్టుకుంటుండగా గుండమనేడు పిలిచాడు. పేరిందేవమ్మను పిలిచాడు, అతన్ని కాదు.

"బొమ్మ చేత అనిపించావు తల్లీ ఆ మాట. అనేవాళ్ళు ఉన్నారని తెలిసింది, అది చాలు. వెళ్ళండి." ఆ తరవాత ఇంకేదో అనబోయి ఆగాడు. అడగకూడదని అతని పద్ధతి. వచ్చేవాడే అడగాలి.

శరభుడు గిరుక్కున తిరిగాడు. "నేను..."

"నీ వీపు మీద ఏముందో చూసుకో" అంది పేరిందేవమ్మ. "కంటకవనంలో ఆ పిల్లాణ్ణి నేను మొయ్యలేను. నువ్వు మొయ్యాలి."

ఆమె తలుపు దగ్గరికి నడిచింది. సిద్దప్ప పడిపోయిన చోటు దారిలోనే ఉంది. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. ఆమె భర్తను చంపినవాడు ఆ రాతికి అవతల పడుకుని ఉన్నాడు. ఈటె ఒక్కసారి నేలకు తాకిస్తే లేస్తాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. గుండమనేడికీ తెలుసు. అతను ఆమె మొహంలోకి చూశాడు.

ఆమె చెయ్యి చాపింది.

"బరువు ఇలా ఇవ్వన్నా."

గుండమనేడు ఈటెను ఆమె వైపు వంచాడు.

"ఇచ్చాను."

వేళ్ళు ఈటెను వదలలేదు. వదలడం అలవాటు తప్పాయి. ముసలి భటుడు వచ్చి ఒక్కొక్క వేలే విప్పాడు. ఈటె పేరిందేవమ్మ చేతిలోకి వచ్చింది. అనుకున్నంత బరువు లేదు. కాని బరువే.

నాయకుడు నేలమీద కూర్చున్నాడు. కూర్చోవడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఆకులో మిగిలిన అన్నం ముందు పెట్టారు. అతను కుడిచెయ్యి కడుక్కుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ముద్ద కలిపాడు.

"మా ఇల్లు ఆ కొండ కిందే" అన్నాడు తింటూ. "ఒక్కసారి చూసి, కాళ్ళు చాచి పడుకుని వస్తాను. నిన్ను నేనే దింపుతాను తల్లీ. ఇప్పుడు నేను బయటివాణ్ణి, నీ కిందివాణ్ణి కాదు. అడగొచ్చు."

"మీ తరవాత నేను!" అన్నాడు ముసలి భటుడు.

"నువ్వు వచ్చే ఏడుగా!" అన్నాడు పక్కవాడు.

శరభుడు వాకిలి దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. మద్దెల అక్కడే వదిలేశాడు. కత్తి దాని పొట్టలోనే ఉంది. తీద్దామన్న ఆలోచన అతనికి రాలేదు. బయట కంటకవనం మీద ఎండ వాలుతోంది. ముళ్ళ దారిలో ఎక్కడో తోడేళ్ళు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. వీపు మీద తమ్ముడు నీళ్ళడిగాడు. చుట్టుపక్కల నీళ్ళు లేవు.

అతను అడవిలోకి దిగాడు.

మండపంలో పేరిందేవమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. రాతిలోంచి ఆ ఊపిరి ఆమె వెన్నుకు తెలుస్తోంది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. ఎదురుగా గుండమనేడు తింటూ తింటూ ముద్ద చేతిలో ఉండగానే నిద్రలోకి జారుకున్నాడు. ఎవరూ అతన్ని లేపలేదు.

ఆమె ఈటెను కొంచెం పైకి పట్టుకుంది, నేలకు తగలకుండా.